ఫోటో పంపితే గ్రీన్స్ థీరమ్ లెక్క చేసిస్తామంటే డబ్బు కట్టేముందు ఇవి చూసుకోండి

అనంతపురం, కడప, కర్నూలు ఇంజనీరింగ్ పిల్లలకు ఈ హెచ్చరిక. సెమ్ పరీక్షలు దగ్గర పడగానే ప్రశ్న ఫోటో తీసి వాట్సాప్‌లో పెడితే గంటలో సొల్యూషన్ పంపుతామనే వాళ్లు గ్రూపుల్లో దిగుతారు. లెక్కకింత అని ముందే ఫోన్‌పే చేయించుకుంటారు. అలా కొన్న సొల్యూషన్లు కొన్ని మా దగ్గరికి వచ్చాయి. అన్నీ వెక్టర్ కాల్‌క్యులస్‌వే, క్లోజ్డ్ కర్వ్ మీది లైన్ ఇంటిగ్రల్‌ను లోపలి రీజియన్ మీద డబుల్ ఇంటిగ్రల్‌గా మార్చే లెక్కలు. చేతిరాత ముత్యాల్లా ఉంది, స్టెప్పులన్నీ ఉన్నాయి, చివర బాక్సు కట్టి ‘హెన్స్ వెరిఫైడ్’ అని కూడా రాశారు. జవాబు మాత్రం తప్పు. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. ఎవరి దగ్గర కొన్నా ఈ తప్పులే వచ్చే అవకాశం ఉంది కాబట్టి, తప్పు ఎక్కడ పుడుతుందో తెలిస్తే చాలు.

మన సిలబస్‌లో అందరికీ తెలిసిన లెక్కనే తీసుకుందాం.

```
∮ (3x² − 8y²) dx + (4y − 6xy) dy
C : y = √x, y = x² మధ్య రీజియన్ అంచు
```

dx పక్కనున్నది P, dy పక్కనున్నది Q. Qను x తో పార్షియల్ డిఫరెన్షియేట్ చేస్తే −6y, Pను y తో చేస్తే −16y. మొదటిదాన్లోంచి రెండోది తీసేస్తే 10y. రెండు కర్వ్‌లూ (0,0) దగ్గర, (1,1) దగ్గర కలుస్తాయి. మధ్యలో √x పైన, x² కింద ఉంటాయి. కాబట్టి y లిమిట్లు x² నుంచి √x దాకా, x లిమిట్లు 0 నుంచి 1 దాకా. లోపలి ఇంటిగ్రల్ 5(x − x⁴) అవుతుంది, మొత్తం 5(1/2 − 1/5), అంటే 3/2.

కొన్న కాగితంలో జవాబు 2/3 ఉంది. అందులో డిఫరెన్షియేషన్ తప్పు లేదు, ఇంటిగ్రేషన్ తప్పు లేదు. ఫోటోలో రూట్ గుర్తు మీద గీత వెలిసిపోయి √x కాస్తా x లా కనబడింది. చేసినవాళ్లు y = x, y = x² అనుకుని చేసేశారు. 5(x² − x⁴) ను 0 నుంచి 1 దాకా వేస్తే 5(1/3 − 1/5), అంటే 2/3. వాళ్ల లెక్కకు వాళ్ల జవాబు కరెక్టే. అది మన లెక్క కాదు, అంతే.

డబ్బు వెనక్కి అడిగితే వచ్చే సమాధానం ఒకటే: “వెరిఫై చేసి పంపాం కదా, రెండు వైపులా టాలీ అయింది.” ఇక్కడే చాలామంది నోరు మూసుకుంటున్నారు. టాలీ అయిన మాట నిజమే. y = x² మీద (0,0) నుంచి (1,1) దాకా లైన్ ఇంటిగ్రల్ −1. వెనక్కి y = x మీద వస్తే 5/3. కలిపితే 2/3, డబుల్ ఇంటిగ్రల్‌తో సరిగ్గా సరిపోయింది. సరిపోకుండా ఎలా ఉంటుంది? P, Q ఏవైనా, కర్వ్ ఏదైనా, షరతులు సరిగా ఉంటే రెండు వైపులా సమానం కావడమే గ్రీన్స్ థీరమ్. ప్రశ్నను తప్పుగా చదివినా, ఆ తప్పు ప్రశ్నకు కూడా థీరమ్ వర్తిస్తుంది. టాలీ కావడం వల్ల చేసినవాడి అరిథ్‌మెటిక్ బాగుందని తెలుస్తుంది. ఫోటో సరిగా చదివాడా లేదా అన్నది దాన్నిబట్టి ఎప్పటికీ తేలదు. అసలు ప్రశ్నకైతే y = x² మీద −1, y = √x మీద వెనక్కి 5/2 వచ్చి 3/2 కావాలి.

కాబట్టి సొల్యూషన్ చేతికి రాగానే చివరి బాక్సు చూడకండి. మొదటి రెండు లైన్లు, రీజియన్ బొమ్మ చూడండి. అసలు పేపర్‌ను పక్కన పెట్టుకుని ప్రతి పవర్, ప్రతి మైనస్, ప్రతి రూట్ వేలు పెట్టి సరిచూసుకోండి. బొమ్మ లేకుండా నేరుగా లిమిట్లు రాసిన సొల్యూషన్‌ను నమ్మడానికి లేదు. ఈ లెక్కలో బొమ్మ ఆకు ఆకారంలో, y = x గీతకు రెండు పక్కలా ఒకేలా ఉండాలి. వాళ్ల బొమ్మలో ఒక అంచు తిన్నగా గీత గీసినట్టు ఉంటే అక్కడే దొరికిపోతారు.

ఒక్క నిమిషంలో అయ్యే ఇంకో చెకింగ్ ఉంది. ఆకు ఏరియా 1/3. దాని సెంట్రాయిడ్ y విలువ 9/20, అంటే 0.45. రీజియన్ మీద 10y సగటు 4.5, దాన్ని ఏరియాతో గుణిస్తే 1.5. ఇంటిగ్రేషన్ వేయకుండానే జవాబు వచ్చేసింది. సెంట్రాయిడ్ గుర్తు లేకపోయినా ఫర్వాలేదు. ఆకు మధ్యభాగం y = 0.5 కు కాస్త దిగువనే ఉందని కంటికే తెలుస్తుంది కాబట్టి జవాబు 5/3 కంటే కొంచెం తక్కువ ఉండాలి. 2/3 ఆ దరిదాపుల్లో కూడా లేదు.

ఫోటోలో పోయేవన్నీ జవాబును చెడగొట్టవు, ఇది కాస్త తమాషా. 3x² ను 3x³ అని చదివినా తుది జవాబు 3/2 యే వస్తుంది, ఎందుకంటే y తో డిఫరెన్షియేట్ చేసేటప్పుడు ఆ పదం ఎలాగూ పోతుంది. కానీ వెరిఫై చేయమన్న ప్రశ్నలో −1, 5/2 రావాల్సిన చోట −5/4, 11/4 వస్తాయి. టోటల్ కలిసింది కదా అని వదిలేస్తే, పేపర్ దిద్దేవాళ్లకు మధ్య స్టెప్పులు తేడా కనబడతాయి. అదే 8y² లో 2 కనబడక 8y అయిపోతే 10y బదులు 8 − 6y వచ్చి జవాబు 53/30 అవుతుంది. విలువ 1.77 దాకా, 5/3 కంటే కాస్తే ఎక్కువ ఉంటుంది కాబట్టి పైన చెప్పిన కంటి అంచనాకు ఇది చిక్కకపోవచ్చు. అందుకే వేలు పెట్టి చూసుకోవడం తప్పదు. ఇక పేపర్ మడత గీత మైనస్ గుర్తు మీదుగా పోతే 4y − 6xy కాస్తా 4y + 6xy అయి, లోపల 22y వచ్చి, జవాబు 33/10 కి ఎగబాకుతుంది.

తర్వాత దిశ సంగతి. థీరమ్‌లో ప్లస్ గుర్తు యాంటీ క్లాక్‌వైజ్‌కు, అంటే కర్వ్ వెంట నడుస్తుంటే రీజియన్ ఎడమ చేతి వైపు ఉండాలి. మన ఆకులో x² మీద వెళ్లి √x మీద తిరిగి రావాలి. ప్రశ్నలో బొమ్మ ఇచ్చి దాని మీద బాణం క్లాక్‌వైజ్‌గా ఉంటే జవాబు −3/2. ఫోటోను క్రాప్ చేసేటప్పుడు మొదట పోయేది ఆ బాణమే, ఎందుకంటే బొమ్మ పేజీ పక్కన ఉంటుంది, మనం ప్రశ్న వాక్యం వరకే కోస్తాం. బాణం లేకపోతే యాంటీ క్లాక్‌వైజ్ అనే తీసుకోవాలి. ఈ రీజియన్‌లో y ఎక్కడా నెగెటివ్ కాదు కాబట్టి 10y కూడా కాదు. బాణం లేని ఈ ప్రశ్నకు మైనస్ జవాబు వస్తే ఇక ఆలోచించాల్సిన పనే లేదు.

ఒక కాగితంలో మాత్రం జవాబు 3/2 కరెక్టుగానే ఉంది, లోపల పని తప్పు. P పార్షియల్‌లోంచి Q పార్షియల్‌ను తీసేసి −10y రాశారు, తర్వాత y లిమిట్లు √x నుంచి x² కు తిరగేశారు. రెండు మైనస్‌లు కొట్టుకుపోయాయి. ఎక్కడో జవాబు చూసి దానికి తగ్గట్టు వెనక నుంచి అతికించిన పని ఇలాగే ఉంటుంది. ఇది చూసి నేర్చుకుంటే పరీక్షలో వేరే లెక్కకు లిమిట్లు సరిగా రాసి, గుర్తు తప్పు రాసి దెబ్బతింటారు.

అన్నిటికంటే ప్రమాదం ఈ కింది లెక్కతో.

```
∮ (x dy − y dx) / (x² + y²)
C : x² + y² = 1
```

ఇక్కడ Q = x/(x² + y²), P = −y/(x² + y²). రెండు పార్షియల్స్ కూడా (y² − x²)/(x² + y²)² యే వస్తాయి. తేడా సున్నా. కొన్న సొల్యూషన్లో అక్కడితో ఆపి జవాబు 0 అని బాక్సు కట్టారు. x = cos t, y = sin t పెట్టి నేరుగా చేయండి: పైన cos²t + sin²t, కింద 1, t 0 నుంచి 2π దాకా. జవాబు 2π. థీరమ్ తప్పు కాదు, అక్కడ వాడకూడదు. సర్కిల్ లోపల (0,0) ఉంది, అక్కడ కింది భాగం సున్నా అయి P, Q లు అసలు డిఫైన్ కావు. రీజియన్ మొత్తంలో P, Q, వాటి పార్షియల్స్ కంటిన్యూయస్‌గా ఉంటేనే డబుల్ ఇంటిగ్రల్‌కు మార్చాలి. అదే కర్వ్ (x − 3)² + y² = 1 అయితే (0,0) బయట పడుతుంది, అప్పుడు 0 కరెక్టు. ఆ −3 ఫోటోలో వేలి నీడ కింద పడిందంటే 0 కాస్తా 2π అవుతుంది. భిన్నం కనబడగానే కింది భాగం ఎక్కడ సున్నా అవుతుందో, ఆ చోటు లోపలుందో బయటుందో చూడాలి. సొల్యూషన్లో దాని గురించి ఒక్క వాక్యం లేకపోతే చేసినవాళ్లకు విషయం తెలియదనే అనుకోండి.

ఇంకా కొనదలిస్తే ఇలా చేయండి. పేపర్‌ను బల్ల మీద చదునుగా పరిచి, పక్క నుంచి వెలుతురు పడేలా పెట్టి, ఫోన్‌ను సరిగ్గా పైనుంచి పట్టుకుని తీయండి. ప్రశ్న నంబర్ నుంచి చివరి ఫుల్‌స్టాప్ దాకా, బొమ్మతో సహా ఒకే ఫోటోలో రావాలి. జెరాక్స్‌కు తీసిన జెరాక్స్ పంపకండి, రూట్ మీది గీత, పవర్లు మొదట వెలిసేది అందులోనే. ఫోటోతో పాటు P, Q, కర్వ్ మూడూ మీరే టైప్ చేసి పంపండి. డబ్బు కట్టేముందు ప్రశ్నను వాళ్లు తిరిగి రాసి, బాణం గుర్తులతో రీజియన్ బొమ్మ గీసి పంపమనండి. ఆ రెండూ పంపడానికి నసిగేవాళ్లకు ఫోన్‌పే చేయకండి. ఇప్పటికే కట్టేసి తప్పు సొల్యూషన్ అందుకున్నవాళ్లు “జవాబు తప్పు” అని వాదన పెట్టుకోకండి, టాలీ అయిందనే మాటే మళ్లీ వినాల్సి వస్తుంది. మీరు పంపిన ఫోటోలో √x చుట్టూ, వాళ్ల కాగితంలో y = x చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, రెండూ పక్కపక్కన పెట్టి పంపి డబ్బు అడగండి.