వస్తువుల వీడియోల కోసం లైట్ బాక్స్ కిట్ కొంటున్నారా? జాగ్రత్త

తెల్లని వెనుక తెర, లైట్ బాక్స్, తిరిగే బల్ల, అన్నీ కలిపి ఒకే కిట్‌గా అమ్ముతున్నారు కదా, వాటిలో ఒకటి కొనబోయేవారు ఇది చదివాక ఆర్డర్ పెట్టండి. మేము ఆన్‌లైన్‌లో ఇత్తడి దీపపు కుందులు అమ్ముతాం. ఈ మధ్య అలాంటి కిట్ ఒకటి తెప్పించాం. ఫొటోలకు పనికొస్తుంది, కాదనను. కానీ ప్రకటనలో పెద్ద అక్షరాలతో రాసింది వీడియో అని. ఆ పనికే అది కొరగాదు.

పెట్టె పైకప్పుకు లోపలివైపు ఎల్‌ఈడీ పట్టీలు, వెలుగు పెంచి తగ్గించడానికి ఒక నాబ్ ఉన్నాయి. పూర్తి వెలుగులో ఇత్తడి మీద మెరుపు మరీ ఎక్కువై, కుంది అంచున ఉన్న నగిషీ కనిపించలేదు. నాబ్‌ను సగానికి తిప్పగానే వీడియోలో అడ్డంగా నల్లటి చారలు మెల్లగా పైకి పాకడం మొదలుపెట్టాయి. కంటికి మాత్రం లైటు నిలకడగానే వెలుగుతోంది.

ఫిర్యాదు చేస్తే అమ్మినవారి నుంచి వచ్చిన జవాబు: ‘మీ ఫోనులోనో, మీ ఇంటి కరెంటులోనో లోపం ఉంది.’ ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు, అందుకే చాలామంది అక్కడితో ఆగిపోతారు. మన ఇళ్లకు వచ్చే కరెంటు 50 హెర్ట్‌జ్. దానితో నేరుగా వెలిగే నాసిరకం బల్బు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది, ఫోను షట్టర్ వేగం దానికి పొసగకపోతే చారలు వస్తాయి. కాబట్టి ఆ రెండు సాకులనూ విడివిడిగా తోసిపుచ్చాలి.

మొదట పెట్టెను గోడ ప్లగ్గు నుంచి తీసి పవర్ బ్యాంకుకు తగిలించాం. చారలు అలాగే ఉన్నాయి. అంటే ఇంటి కరెంటుకు సంబంధం లేదు. తర్వాత అదే ఫోనుతో, అవే సెట్టింగులతో, కిటికీ వెలుగులో అదే కుందిని తీశాం. ఒక్క చార లేదు. అంటే ఫోనుదీ తప్పు కాదు. చివరికి పెట్టెలోనే నాబ్‌ను పూర్తిగా పెంచాం, చారలు మాయమయ్యాయి. ఇక మిగిలింది నాబే. అది విద్యుత్తును నిజంగా తగ్గించడం లేదు, లైటును చకచకా ఆర్పి వెలిగిస్తోంది. ఆరి ఉండే సమయం పెరిగే కొద్దీ కంటికి వెలుగు తగ్గినట్టు అనిపిస్తుంది. ఫోను కెమెరా మాత్రం దృశ్యాన్ని వరుస తర్వాత వరుసగా చదువుతుంది. లైటు ఆరిన క్షణంలో చదివిన వరుసలు నల్లగా పడతాయి.

మీరు కొన్నదాన్ని పరీక్షించాలంటే, ఫోను కెమెరాను ప్రో మోడ్‌లో పెట్టి, షట్టర్ వేగం 1/1000 చేసి, పవర్ బ్యాంకు మీద నడుస్తున్న పెట్టెలో తెల్ల కాగితం పెట్టి చూడండి. నాబ్ సగంలో ఉన్నప్పుడు చారలు కనిపిస్తే వాపసు గడువు దాటకముందే ఫిర్యాదు పెట్టండి. వాపసు కుదరనివారికి ఒక దారి ఉంది. నాబ్‌ను ఎప్పుడూ పూర్తి వెలుగులోనే ఉంచి, పట్టీలకు జానెడు కింద పలుచని తెల్ల గుడ్డ బిగించి కట్టండి. వెలుగు తగ్గుతుంది, మెత్తబడుతుంది కూడా. ఇత్తడి మీద ఎల్‌ఈడీ చుక్కలు పూసలదండలా ప్రతిఫలించే బెడద కూడా చాలావరకు పోతుంది. అయితే ఆ గుడ్డ కూడా మనమే కట్టుకోవాలంటే పెట్టెకు అంత డబ్బు పోయడం దేనికి?

తిరిగే బల్లది ఇంకో కథ. ఐదు కిలోలు మోస్తుందని రాశారు, మోస్తుంది కూడా. ఆ అంకెకు అర్థం మోటారు ఆగిపోదని మాత్రమే, పళ్ళెం సమతలంగా తిరుగుతుందని కాదు. పది సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న పళ్ళెం అంచు ఒక మిల్లీమీటరు వాలినా, ముప్పై సెంటీమీటర్ల కుంది కొన మూడు మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. సాదా తెల్లని నేపథ్యంలో ఆ ఊగిసలాట కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. గాజులకో, ఉంగరాలకో ఇది అడ్డు రాదు. పొడవాటి వస్తువులు అమ్మేవారు మాత్రం కుంది కొన పక్కనే ఒక పెన్సిలును కదలకుండా నిలబెట్టి, పళ్ళెం ఒక చుట్టు తిరిగేలోపు రెండింటి మధ్య సందు మారుతోందేమో చూసుకోవాలి.

పెట్టె లైటు మీద చేసిన ఆ మూడు పరీక్షలనూ వీడియోగా తీసి పంపాక అమ్మినవారి గొంతు మారింది. ప్రకటించిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోవడానికి నిరాకరించకూడదని 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల నిబంధనలు చెబుతున్నాయి. ఆ సంగతీ, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 సంగతీ అదే ఉత్తరంలో రాశాం. పెట్టె డబ్బు తిరిగి వచ్చింది. బల్ల విషయంలో బరువు తప్ప మరేమీ ప్రకటించలేదని తప్పించుకున్నారు, ఆ వాదనకు మా దగ్గర జవాబు లేకపోయింది. అందుకే కొనేముందే ‘వెలుగు తగ్గించినప్పుడు వీడియోలో చారలు వస్తాయా, ముప్పై సెంటీమీటర్ల వస్తువు పెడితే పళ్ళెం ఊగుతుందా’ అని అమ్మేవారిని రాతపూర్వకంగా అడిగి, వారిచ్చిన జవాబును స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.