పదకొండు నెలలుగా నిలబడుతున్న రెండు చక్రాల రోబో: నా అనుభవం

మా హాల్లో సోఫా పక్కన గోడవారగా ఒక రోబో ఉంటుంది. పొడవాటి టిఫిన్ క్యారియర్‌కి రెండు చక్రాలు బిగించినట్టు కనిపిస్తుంది. స్విచ్ వేసి, నిలబెట్టి, చెయ్యి తీసేస్తే తనంతట తాను నిలబడుతుంది. వేలితో తోస్తే జానెడు దూరం వెళ్లి సర్దుకుని మళ్లీ వెనక్కి వస్తుంది. ఇది కట్టి పద్నాలుగు నెలలైంది. అందులో మొదటి మూడు నెలలు ఇది నిలబడనే లేదు.

ఆ మూడు నెలలూ నేను పీఐడీ నంబర్లు, అంటే వంపును బట్టి మోటార్లకు ఎంత బలం ఇవ్వాలో తేల్చే Kp, Ki, Kdలు, మారుస్తూ కూర్చున్నాను. తీరా చూస్తే తప్పు అక్కడ లేదు. రోబోకి తాను ఎంత వంగిందో సరిగ్గా తెలియడం లేదు. తెలియనప్పుడు ఏ నంబర్లు పెట్టి ఏం లాభం? అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం వంపు కొలత గురించే.

ముందు సామాను సంగతి. ఆర్డుయినో నానో, MPU6050 సెన్సర్ బోర్డు, మూడు 18650 సెల్స్ సిరీస్‌లో, 65 మిల్లీమీటర్ల చక్రాలు. మొదట పసుపు రంగు ప్లాస్టిక్ గేర్ మోటార్లు, L298N డ్రైవర్ పెట్టాను, సెల్స్ కూడా అప్పుడు రెండే. ఆ మోటార్లు లైన్ ఫాలోయర్‌కి సరిపోతాయి గానీ దీనికి పనికిరావు. చక్రాన్ని వేళ్లతో పట్టుకుని ఊపితే మోటారు కదలకుండానే చక్రం కొంచెం అటూ ఇటూ ఆడుతుంది. నిలబడే రోబో క్షణక్షణం దిశ మార్చుకోవాలి. మార్చుకున్న ప్రతిసారీ ముందు ఆ లూజు నిండాలి, ఆ తర్వాతే చక్రం కదులుతుంది. ఈలోపు రోబో ఇంకాస్త వాలిపోతుంది. L298Nతో ఇంకో బాధ, దానిలోనే దాదాపు 2 వోల్టులు వేడిగా పోతాయి. రెండు సెల్స్ మీద నడిచేటప్పుడు అది చిన్న నష్టం కాదు. నాలుగో నెలలో కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి చక్రం ఎంత తిరిగిందో చెప్పే ఎన్‌కోడర్ ఉన్న 25 మిల్లీమీటర్ల మెటల్ గేర్ మోటార్లు, TB6612FNG డ్రైవర్ తెచ్చుకున్నాను, మూడో సెల్ కలిపాను. మొదటి రోజే ఆ డబ్బు పెట్టి ఉంటే బాగుండేది.

బ్యాటరీ ఎక్కడ పెట్టాలన్న దానిమీద మా మేనల్లుడితో వాదన జరిగింది.

"మామయ్యా, బరువు కింద ఉంటేనే కదా పడకుండా ఉండేది?" అన్నాడు.

నాలుగు చక్రాల బండికైతే అదే నిజం. దీనికి తలకిందులు. అరచేతిలో పెన్సిల్ నిలబెట్టడం కష్టం, చీపురుకట్ట నిలబెట్టడం తేలిక. పొడుగుది మెల్లగా వాలుతుంది కాబట్టి సర్దుకోవడానికి మనకు టైం దొరుకుతుంది. బరువు కేంద్రం ఇరుసుకి 8 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, వంపు మూడు రెట్లకు దగ్గరగా పెరగడానికి సుమారు 0.09 సెకన్లు పడుతుంది. 20 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే 0.14 సెకన్లు. బ్యాటరీని పై అంతస్తుకు మార్చగానే తేడా కంటికే కనిపించింది. అలాగని మీటరు ఎత్తున పెడితే మాత్రం, ఒకసారి వాలాక తిరిగి లేపే బలం ఈ మోటార్లకు చాలదు.

ఇక వంపు. MPU6050లో రెండు కొలతలు ఉన్నాయి. యాక్సిలరోమీటర్ భూమి లాగే దిశను చూసి కోణం చెబుతుంది, కానీ రోబో ముందుకు కదిలితే ఆ కదలికను కూడా వంపే అనుకుంటుంది. ప్రతి సెకనుకూ వేగం సెకనుకు 1 మీటరు చొప్పున పెరిగితే చాలు, దాదాపు 6 డిగ్రీల అబద్ధం చెబుతుంది. గైరో తిరిగే వేగాన్ని చెబుతుంది. దాన్ని కూడుకుంటూ పోతే కోణం వస్తుంది, అప్పటికప్పుడు చాలా కచ్చితంగా ఉంటుంది, కానీ కూడికలో చిన్న తప్పు పోగై కాసేపటికి ఎటో కొట్టుకుపోతుంది. రెంటినీ కలిపే కాంప్లిమెంటరీ ఫిల్టర్ మూడు లైన్లే:

```
float accAng = atan2(ay, az) * 57.296;
float rate = (gx - gx0) / 131.0;
angle = 0.98 * (angle + rate * dt) + 0.02 * accAng;
```

131 అనేది గైరో ±250 డిగ్రీల రేంజిలో ఉన్నప్పటి లెక్క. gx0 అంటే రోబో కదలకుండా ఉన్నప్పుడు గైరో చెప్పే తప్పుడు విలువ. స్విచ్ వేసిన వెంటనే 500 రీడింగులు తీసి సగటు చేస్తాను, ఆ రెండు సెకన్లూ దాన్ని ముట్టుకోకూడదు. కాల్మన్ ఫిల్టర్ కూడా ఒక నెల వాడి చూశాను. ఈ సైజు రోబోలో నాకు తేడా కనబడలేదు, మళ్లీ ఈ మూడు లైన్లకే వచ్చేశాను.

నన్ను మూడు నెలలు ఏడిపించింది పై కోడ్‌లోని dt, అంటే ఒక లూప్‌కీ తర్వాతి లూప్‌కీ మధ్య గడిచే సెకన్లు. లూప్ 5 మిల్లీసెకన్లకు ఒకసారి తిరుగుతుందని నమ్మి dt = 0.005 అని రాసేశాను. రోబో మాత్రం తాగినవాడిలా ఊగి ఊగి పడిపోయేది. Kp పెంచితే గట్టిగా ఊగేది, తగ్గిస్తే మెల్లగా పడేది. చివరికి విసుగొచ్చి మోటార్లు ఆపేసి, రోబోని చేత్తో 30 డిగ్రీలు టక్కున వంచి స్క్రీన్ చూశాను. అంకె 8 దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత రెండు మూడు సెకన్లు పాకుతూ పాకుతూ 30కి చేరింది.

8 ఎందుకు? అప్పుడు మైక్రోసెకన్లలో టైం చెప్పే micros() పెట్టి లూప్ టైం కొలిస్తే 18 మిల్లీసెకన్లు వచ్చింది. 5ని 18తో భాగించి 30తో గుణిస్తే 8.3. గైరో చెప్పిన తిరుగుడులో మూడో వంతు కూడా లెక్కలోకి రావడం లేదన్నమాట. మిగతాదంతా యాక్సిలరోమీటర్ నిదానంగా నింపుతోంది. లూప్ ఎందుకు నెమ్మదించిందంటే, కోణం చూద్దామని నేనే ప్రతి లూప్‌లో పెట్టుకున్న Serial.print వల్ల. 9600 బాడ్ మీద ఒక్కో అక్షరానికి 1 మిల్లీసెకను పైనే పడుతుంది, నా లైనులో 17 అక్షరాలున్నాయి. 64 బైట్ల బఫర్ నిండిన దగ్గర్నుంచి ప్రోగ్రాం అక్కడే నిలబడి ఎదురుచూస్తుంది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే.

ఇప్పుడు dtని ఊహించడం మానేశాను. లూప్ మొదట్లో micros() చూసి సరిగ్గా 5000 దాటేదాకా ఆగుతాను. ప్రింట్ 115200 బాడ్ మీద, ఇరవై లూపులకు ఒకసారి. సెన్సర్‌తో మాట్లాడే వేగం పెంచడానికి Wire.setClock(400000) కూడా పెట్టాను, సెన్సర్ నుంచి 14 బైట్లు చదవడానికి పట్టే టైం 1.5 మిల్లీసెకన్ల నుంచి 0.4కి దిగింది.

ఆ టక్కున వంచే పరీక్షను అప్పట్నుంచి ఎవరి రోబో చూసినా చేయిస్తున్నాను. అంకె వెంటనే 30కి వెళ్లి అక్కడే ఉంటే అంతా బాగున్నట్టు. 30 దాటి వెనక్కి జారితే dt గానీ, 131 అనే భాగహారం గానీ తప్పు. ముందు వ్యతిరేక దిశలో వెళ్లి తర్వాత తిరిగొస్తే గైరో ప్లస్ మైనస్ తారుమారైంది. రెండో పరీక్ష, రోబోని వంచకుండా బల్ల మీద ముందుకీ వెనక్కీ గబగబా జరపడం. అంకె ఒకటి రెండు డిగ్రీలకు మించి ఊగితే యాక్సిలరోమీటర్ మాట ఎక్కువగా వింటున్నట్టు, 0.98ని 0.99 చేసి చూడాలి. మరీ పెంచినా చిక్కే. గైరో వేడెక్కి సెకనుకు 1 డిగ్రీ తప్పు చెబుతోందనుకుందాం. 0.98 ఉంటే కోణంలో పావు డిగ్రీ తప్పే వస్తుంది, 0.995 చేస్తే పూర్తిగా ఒక డిగ్రీ వస్తుంది.

ఈ రెండు పరీక్షలూ పాసయ్యాక ట్యూనింగ్ ఒక్క ఆదివారం పని. కింద పాత దుప్పటి పరిచి, Ki, Kd సున్నా పెట్టి Kp ఒక్కటే పెంచుకుంటూ పోయాను. 10 దగ్గర మోటార్లు ఆలస్యంగా స్పందించి పడిపోయింది. 22 దగ్గర ముందుకూ వెనక్కూ ఊగుతూ నిలబడింది. 35 దగ్గర వణుకు మొదలైంది. 22కి తిరిగొచ్చి Kd వేశాను. దీనికి వరుస కోణాల తేడా తీయకండి, అందులో నాయిస్ ఎక్కువ. తిరిగే వేగం గైరో నేరుగా ఇస్తూనే ఉంది కదా, ఆ rateనే వాడాను. Kd 0.8 దగ్గర ఊగడం దాదాపు పోయింది. 1.5 చేస్తే గేర్లు గరగరలాడాయి. చివర్న Ki 110, దానికి ఒక హద్దు కూడా పెట్టాను. లేకపోతే చేత్తో పట్టుకున్నంతసేపూ పోగుచేసుకుని, వదలగానే లంఘిస్తుంది.

మోటారుకి ఎంత బలం ఇవ్వాలో చెప్పే అంకె PWM. అది 35 అయ్యేదాకా మోటారు అసలు తిరగదు. అందుకని అవుట్‌పుట్ సున్నా కానప్పుడు దానికి 35 కలుపుతాను. ఇది చేయకముందు రోబో నిలబడేది గానీ, నిలబడిన చోట చిన్నచిన్నగా తూలుతూనే ఉండేది.

ఇంత చేసినా అది ఒకచోట ఉండదు. నిలబడుతూనే పరుగెత్తిపోతుంది. నిజమైన సమతూకం 0 డిగ్రీల దగ్గర కాకుండా 0.5 దగ్గర ఉందనుకోండి. రోబో 0 దగ్గరే ఉండాలంటే వేగం పెంచుకుంటూ పోవాలి. లెక్క ప్రకారం పది సెకన్లకు సెకనుకు 86 సెంటీమీటర్లు అవుతుంది. మోటారు గరిష్ఠ వేగం వచ్చిందంటే ఇంక ఆపుకునే దారి లేదు, బోర్లా పడుతుంది. Ki ఎంత పెంచినా ఇది తగ్గదు, ఎందుకంటే కోణం తప్పు లేదని రోబో అనుకుంటోంది. ఎన్‌కోడర్లు ఇక్కడే పనికొచ్చాయి. 40 మిల్లీసెకన్లకు ఒకసారి చక్రాల వేగం, మొత్తం కదిలిన దూరం చూసి, ముందుకు పోతుంటే కావలసిన కోణాన్ని కొంచెం వెనక్కి మారుస్తాను, 5 డిగ్రీలకు మించకుండా. ఈ బయటి లూప్‌ను లోపలి దానంత వేగంగా తిప్పితే రెండూ కొట్లాడుకుంటాయి.

వాడకంలో వచ్చిన లోపాలు రెండు. ఆరో నెలలో ఒకరోజు నిలబడి ఉన్నది ఉన్నట్టుండి ఫుల్ స్పీడులో వెళ్లి షూ ర్యాక్‌ను గుద్దింది. మోటార్ల నాయిస్‌కి, సెన్సర్‌ను ఆర్డుయినోతో కలిపే I2C లైను ఇరుక్కుపోయి, ప్రోగ్రాం సెన్సర్ కోసం ఎదురుచూస్తూ ఆగిపోయింది, మోటార్లకు చివర ఇచ్చిన PWM అలాగే ఉండిపోయింది. మోటారు కాళ్ల మీద 100 నానోఫారడ్ సెరామిక్ కెపాసిటర్లు సోల్డర్ చేసి, Wire.setWireTimeout(3000, true) పెట్టాను. టైమవుట్ వచ్చినా, కోణం 40 డిగ్రీలు దాటినా మోటార్లు ఆగేలా రాశాను. మళ్లీ జరగలేదు.

రెండోది బ్యాటరీ. ఫుల్ చార్జిలో 12.6 వోల్టులు, సాయంత్రానికి 10. అదే PWMకి బలం తగ్గిపోతుంది కాబట్టి ఉదయం చక్కగా ఉన్న నంబర్లే సాయంత్రం మెత్తబడేవి. రెండు రెసిస్టర్లతో వోల్టేజీ చదివి, అవుట్‌పుట్‌ను 11.1 / వోల్టేజీతో గుణిస్తున్నాను. ఇప్పుడు 10 వోల్టుల దాకా తేడా తెలియడం లేదు, ఆ కిందికి వెళ్తే బీప్ వస్తుంది, ఆపేస్తాను.

టైల్స్ మీద గంటసేపైనా నిలబడుతుంది. దళసరి కార్పెట్ మీద మాత్రం ఇప్పటికీ పది నిమిషాలు గ్యారంటీ లేదు, అక్కడ ఆ 35 సరిపోదు, 50 కావాలి. గడప దాటడం చేతకాదు. మా మేనల్లుడు ఈ సెలవుల్లో 100 మిల్లీమీటర్ల చక్రాలు వేద్దామంటున్నాడు. వేస్తే Kp మళ్లీ మొదట్నుంచి చూసుకోవాలి.