పేరా అతకనప్పుడు ఏది మేలు: కలిపే మాటలు చేర్చడమా, వాక్యంలో వరస మార్చడమా?

డెస్కులో నా పక్క సీటులో కూర్చునే ట్రైనీ ఒకరోజు కొల్లేరు మీద రాసిన పేరా పట్టుకొచ్చింది. "అన్నీ కరెక్టుగానే ఉన్నాయండీ. కానీ చదువుతుంటే ఏదో తేడాగా ఉంది. ఎక్కడో తెలియట్లేదు" అంది. పేరా ఇది:

> కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు వానాకాలంలో పొంగి కొల్లేటిలోకి నీరు తెస్తాయి. ఉప్పుటేరు బంగాళాఖాతంలోకి ఆ నీటిని తీసుకెళ్తుంది. చేపల చెరువుల గట్లు సరస్సు లోపల పెరిగిపోయి ప్రవాహానికి అడ్డం పడ్డాయి. ప్రభుత్వం 2006లో చాలా గట్లను పగలగొట్టించింది.

నిజంగానే తప్పు ఒక్కటి కూడా లేదు. విభక్తులు సరిగ్గా ఉన్నాయి, క్రియలు కుదిరాయి, సమాచారమూ నిజమే. అయినా చదివితే ఐదు వాక్యాలూ ఎవరి దారి వారిదే అన్నట్టు నిలబడ్డాయి.

వాక్యాల మొదటి మాటలు మాత్రం వరసగా చదవమన్నాను. కొల్లేరు, బుడమేరు, ఉప్పుటేరు, చేపల చెరువుల గట్లు, ప్రభుత్వం. అక్కడే ఆగి నా వైపు చూసింది. ప్రతి వాక్యమూ పాఠకుడికి తెలియని కొత్త పేరుతో మొదలవుతోంది. ఆ కొత్తదానికీ వెనకటి వాక్యానికీ ఉన్న ముడి ఎక్కడో వాక్యం మధ్యలోనో చివరలోనో దాక్కుని ఉంది. "బుడమేరు, తమ్మిలేరు" అని చదివినవాడు "కొల్లేటిలోకి" అన్న మాట వచ్చేదాకా ఆ రెండు పేర్లనూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోస్తూ ఉండాలి. ఐదు వాక్యాల్లో నాలుగుసార్లు అదే పని.

ఇలాంటి పేరాను బాగుచెయ్యడానికి మనవాళ్లు ఎక్కువగా రెండు దారుల్లో ఒకటి పడతారు. ఒకటి, వాక్యాల మధ్య కలిపే మాటలు పెట్టడం. రెండోది, ప్రతి వాక్యంలోనూ పాఠకుడికి అప్పటికే తెలిసినదాన్ని ముందుకు తెచ్చి, కొత్తదాన్ని వెనక్కి పంపడం. మా ట్రైనీ మొదట పట్టింది మొదటి దారే.

> కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న మంచినీటి సరస్సు. అంతేకాకుండా బుడమేరు, తమ్మిలేరు వానాకాలంలో పొంగి కొల్లేటిలోకి నీరు తెస్తాయి. మరోవైపు ఉప్పుటేరు బంగాళాఖాతంలోకి ఆ నీటిని తీసుకెళ్తుంది. అయితే చేపల చెరువుల గట్లు సరస్సు లోపల పెరిగిపోయి ప్రవాహానికి అడ్డం పడ్డాయి. ఈ నేపథ్యంలో ప్రభుత్వం 2006లో చాలా గట్లను పగలగొట్టించింది.

పైపైన చూస్తే నయమే అనిపిస్తుంది. కానీ ఒక్కో మాటా పాఠకుడికి ఒక్కో హామీ ఇస్తుంది, ఆ హామీ నిలబడిందా అని చూడాలి. "అంతేకాకుండా" అంటే ముందు చెప్పిన కోవకే చెందిన ఇంకొకటి రాబోతోందని. ముందు చెప్పింది సరస్సు ఎక్కడుందో, తర్వాత వచ్చింది దానిలోకి నీళ్లు ఎలా వస్తాయో. ఒకే కోవ కాదు. "మరోవైపు" అంటే రెండు పక్షాలు ఎదురెదురుగా ఉన్నాయని. ఇక్కడ ఒకే నీరు ఒక పక్క నుంచి వచ్చి ఇంకో పక్క నుంచి పోతోంది, ఎదురు ఏమీ లేదు. "ఈ నేపథ్యంలో" అన్నది ఏ రెండు వాక్యాల మధ్యనైనా పడుతుంది, అందుకే అది ఏమీ చెప్పదు. నాలుగింటిలో నిలబడింది "అయితే" ఒక్కటే. నీరు సాఫీగా పోవాలి, పోలేదు. ఆ మలుపు నిజమైనది, దాన్ని చెప్పే మాట కావాలి.

ఇంకో సంగతి. ఇన్ని మాటలు చేర్చినా వాక్యాల మొదట్లో ఉన్న కొత్త పేర్లు అలాగే ఉన్నాయి. పాఠకుడి బరువు తగ్గలేదు. గోడ బీటను పూడ్చకుండా పైన సున్నం వేసినట్టయింది.

రెండో దారిలో అదే పేరా:

> కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న మంచినీటి సరస్సు కొల్లేరు. ఈ సరస్సులోకి వానాకాలంలో నీరు తెచ్చేవి బుడమేరు, తమ్మిలేరు. అవి తెచ్చిన నీటిని బంగాళాఖాతంలో కలిపేది ఉప్పుటేరు. అయితే ఉప్పుటేటి వైపు సాగే ఆ నీటికి సరస్సు లోపల చేపల చెరువుల గట్లు అడ్డం పడ్డాయి. ఆ గట్లలో చాలావాటిని ప్రభుత్వం 2006లో పగలగొట్టించింది.

కొత్త సమాచారం ఒక్క ముక్క కూడా చేర్చలేదు. మొదటి వాక్యం చివర కొల్లేరు, రెండోది "ఈ సరస్సులోకి" అని మొదలు. రెండో దాని చివర రెండు ఏర్లు, మూడోది "అవి తెచ్చిన నీటిని" అని మొదలు. మూడో దాని చివర ఉప్పుటేరు, నాలుగోది అక్కడి నుంచే అందుకుంది. చివర్లో గట్లు, వెంటనే "ఆ గట్లలో". పాఠకుడు ప్రతి వాక్యంలోకీ తెలిసిన గుమ్మం గుండానే వస్తున్నాడు.

ఈ పాత-కొత్త వరసను ప్రాగ్ నగరపు భాషావేత్తలు లోతుగా పరిశీలించారు. విలెం మథేసియస్ వాక్యాన్ని ఈ చూపుతో విడదీశాడు, 1974లో ఫ్రాంటిషెక్ దానెష్ పేరాలు ఈ వరసలో ఎలా నడుస్తాయో వర్గాలుగా చూపించాడు. వాళ్ల మాతృభాష చెక్. అందులోనూ మన భాషలో లాగే మాటల్ని అటూ ఇటూ జరిపే వీలు బాగా ఉంది.

ఈ వీలు గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు చాలామంది ఈ పద్ధతిని ఇంగ్లిష్ రాత పుస్తకాల్లో నేర్చుకుని అక్కడి పనిముట్టును ఇక్కడికి తెస్తున్నారు. ఇంగ్లిష్‌లో కర్మను వాక్యం ముందుకు తేవాలంటే సాధారణంగా కర్మణి ప్రయోగం పట్టుకోవాలి. అది చూసి తెలుగులో "ఆ గట్లు ప్రభుత్వం చేత పగలగొట్టబడ్డాయి" అని రాస్తారు. పాతది ముందుకు వచ్చిన మాట నిజమే, కానీ వాక్యం తర్జుమా వాసన కొడుతుంది. మనకు ఆ అవసరమే లేదు. "గట్లను" అన్నప్పుడు ఆ "ను" ఎక్కడున్నా అది కర్మేనని చెప్పేస్తుంది. కాబట్టి "ఆ గట్లను ప్రభుత్వం పగలగొట్టించింది" అని మాటను జరిపితే చాలు. "బడు" తగిలించడానికీ మాట జరపడానికీ మధ్య ఏది మేలంటే, తెలుగులో జరపడమే.

కొత్తదాన్ని ఎక్కడ పెట్టాలన్నది కూడా మన భాషకు తగ్గట్టే చూసుకోవాలి. మన వాక్యం క్రియతో ముగుస్తుంది, కాబట్టి "కొత్తది చివర్లో" అన్న సూత్రాన్ని "కొత్తది క్రియకు ఆనుకుని, ముందు" అని చదువుకోవాలి. "ఈ సరస్సులోకి వానాకాలంలో నీటిని బుడమేరు, తమ్మిలేరు తెస్తాయి" అంటే బరువు ఆ రెండు ఏర్ల మీద పడుతుంది. కొత్తదాన్ని అచ్చంగా చివరికే పంపాలంటే "నీరు తెచ్చేవి బుడమేరు, తమ్మిలేరు" అని వాక్యాన్ని తిప్పుకోవాలి.

ఈ రెండిట్లో రెండోది బలమైనది, అందుకే ప్రమాదకరం. పైన నేను మార్చిన పేరాను మళ్లీ గట్టిగా చదవండి. కొల్లేరు, తెచ్చేవి బుడమేరు తమ్మిలేరు, కలిపేది ఉప్పుటేరు. మూడు వాక్యాలు వరసగా పేరుతో ముగిశాయి, క్విజ్ జవాబుల్లా వినిపిస్తున్నాయి. మా ట్రైనీ బయటికి చదివినప్పుడే నాకూ తెలిసింది. పేరాకు ఒకటి, మహా అయితే రెండు. మిగిలినచోట క్రియతో ముగిసే మామూలు వాక్యమే మంచిది.

వరస మార్చడం ఒక్కటే మందు అని కూడా అనలేను. ఇది చూడండి:

> కొల్లేటిలోకి బుడమేరు నీరు తెస్తుంది. బుడమేరు విజయవాడ మీదుగా పారుతుంది. విజయవాడలో ఇంద్రకీలాద్రి ఉంది. ఇంద్రకీలాద్రి మీద కనకదుర్గ గుడి ఉంది.

ప్రతి వాక్యమూ వెనకటి వాక్యం తోకను పట్టుకునే నడిచింది. అతుకులు గట్టిగానే ఉన్నాయి, కానీ కొల్లేటిలో బయలుదేరి కొండ మీద గుడిలో తేలాం. గొలుసు తెగకపోయినంత మాత్రాన పేరా నిలబడదు. దీన్ని పట్టుకోవడానికి మొదటి మాటల జాబితానే మళ్లీ పనికొస్తుంది. అవన్నీ కలిపి చదివితే ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయా, లేక ప్రతిదీ ఒక ఊరు దాటుతోందా అన్నది చూడాలి. జారిపోతుంటే గొలుసు మానేసి, ఒకే విషయాన్ని ప్రతి వాక్యం ముందూ నిలపడం మేలు. అలా నిలిపేటప్పుడు "అది", "అది" అని ప్రతిసారీ రాయనక్కర్లేదు. కర్త మారనంతవరకూ తెలుగులో వదిలేసినా పాఠకుడికి తెలుస్తూనే ఉంటుంది.

"పాతది" అంటే అదే మాట మళ్లీ రావాలనే భయమూ అక్కర్లేదు. సరస్సు గురించి చదివినవాడికి "నీటి లోతు", "ఒడ్డున ఉన్న ఊళ్లు" అన్నవి పాతవే, ఊహలోకి అప్పటికే వచ్చేశాయి. రెండు మూడు వాక్యాలు చెప్పినదాన్ని "ఈ అడ్డంకి", "ఆ నష్టం" అని ఒక్క నామంతో చుట్టేసి ముందు పెట్టొచ్చు. ఒట్టి "ఇది", "దీంతో" కంటే అలాంటి నామం ఎన్నో రెట్లు నయం. "ఇది" అన్నప్పుడు ఏది అని పాఠకుడు వెనక్కి వెతకాలి.

కాబట్టి నా లెక్క ఇది. ముందు వరస మార్చాలి. మార్చాక ఎక్కడ వాక్యాలు వాటంతటవే అతుక్కున్నాయో అక్కడ కలిపే మాట తీసేయాలి. విరుద్ధమో, "అయినా సరే" అనే పట్టుదలో, కారణమో నిజంగా ఉండి, వరస ఒక్కటే దాన్ని చెప్పలేకపోతే అప్పుడు మాట పెట్టాలి. తిరగేసి చేస్తే, అంటే ముందే మాటలు చల్లేస్తే, అసలు లోపం కనబడకుండా పోతుంది.

మా ట్రైనీ చివరికి ఒప్పుకున్న పేరా:

> కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న మంచినీటి సరస్సు కొల్లేరు. ఈ సరస్సులోకి వానాకాలంలో బుడమేరు, తమ్మిలేరు పొంగి వస్తాయి. అవి తెచ్చిన నీరు ఉప్పుటేటి గుండా బంగాళాఖాతంలో కలుస్తుంది. అయితే ఉప్పుటేటి వైపు సాగే ఆ నీటికి సరస్సు లోపల చేపల చెరువుల గట్లు అడ్డం పడ్డాయి. ఆ గట్లలో చాలావాటిని ప్రభుత్వం 2006లో పగలగొట్టించింది.

చివరి వాక్యం దగ్గర తను ఇంకా ఆగింది. "ప్రభుత్వం 2006లో అనాలా, 2006లో ప్రభుత్వం అనాలా?" అని అడిగింది. తర్వాతి పేరా దేనితో మొదలవుతుందని అడిగాను. ఆ పనికి ప్రభుత్వం ఎందుకు దిగిందో రాస్తానంది. అయితే "2006లో" ముందుకు వెళ్లాలి, "ప్రభుత్వం" క్రియకు ఆనుకోవాలి. పెన్సిలు తీసుకుని రెండు మాటల మీదా బాణం గుర్తు వేసింది.