జోకు మొదట్లోనా, లెక్క చెప్పాకా?

ఆసుపత్రి సిబ్బందికి చేతుల శుభ్రతపై ప్రసంగం. వార్డులో ఇన్ఫెక్షన్లు పెరిగాయి. తప్పు తమ మీద పడుతుందేమోనని అందరూ బిగుసుకుని కూర్చున్నారు. అప్పుడు జోకుతో మొదలుపెడితే, రోగుల బాధ ఈయనకు పట్టలేదనుకుంటారు. ఒకవేళ నవ్వినా, టీ విరామంలో జోకు గురించే మాట్లాడుకుంటారు.

నేను రెండో దారినే ఎంచుకుంటాను. ముందు ఇన్ఫెక్షన్ల లెక్క సూటిగా చెప్పాలి. ఆ తర్వాత, “సబ్బుతో చేతులు కడగడానికి 40 నుంచి 60 సెకన్లు. మన లిఫ్టు కోసం అంతకంటే ఎక్కువసేపే నిలబడుతున్నాం!” అనవచ్చు. వేళాకోళం లిఫ్టు మీద, నర్సుల మీద కాదు. పైగా నవ్వుతోపాటే ఆ అంకె గుర్తుండిపోతుంది. నవ్వు సద్దుమణిగేదాకా ఆగి, చేయాల్సిన పని చెప్పాలి. వార్డులో మరణం సంభవించి ఉంటే మాత్రం ఆ ఒక్క జోకూ వద్దు.