గేర్లకి ఎక్సెంట్రిక్ బుష్ పెట్టి నాలుగేళ్ళు: బ్యాక్‌లాష్ ఎంత వదలాలో ఎలా తేల్చుకున్నాం

నేను విజయనగరం జిల్లాలో ఒక జూట్ మిల్లులో మెయింటెనెన్స్ ఫిట్టర్‌ని, ఇల్లు రాజాం. 2021లో మా డ్రాయింగ్ ఫ్రేముల్లో ఒకదాని డ్రైవ్ గేర్లకి ఎక్సెంట్రిక్ బుష్‌లు వేయించాం. అంతకుముందు బేరింగ్ హౌసింగ్‌కి పొడవాటి బోల్టు కన్నాలుండేవి, బోల్టులు వదులు చేసి సుత్తితో అటో తట్టు ఇటో తట్టు తట్టి, గేర్ల మధ్య కాగితం పెట్టి బిగించేవాళ్ళం. బుష్ పెట్టాక ఏం బాగుంది, ఏం బాగోలేదు అని రాద్దామని చాలా రోజులుగా అనుకుంటున్నా. బుష్ గురించి మొదలుపెడితే బ్యాక్‌లాష్, అంటే గేరు పళ్ళ మధ్య వదిలే ఖాళీ, దగ్గరికే వస్తాం, కాబట్టి రెండూ కలిపే రాస్తున్నా.

గేర్ల సంగతి ఇది. పినియన్‌కి 20 పళ్ళు, పెద్ద గేరుకి 60, మాడ్యూల్ 4, ప్రెషర్ యాంగిల్ 20 డిగ్రీలు. లెక్క ప్రకారం సెంటర్ దూరం 160 మి.మీ. పినియన్ షాఫ్ట్ రెండు కొసలా బేరింగులు చెరో బుష్‌లో కూర్చుంటాయి. బుష్ బయటి వ్యాసం సెంటర్‌కీ లోపలి కన్నం సెంటర్‌కీ మధ్య 1 మి.మీ. తేడా పెట్టి తిప్పించాం, అంటే బుష్ తిరిగితే షాఫ్ట్ కాస్త పక్కకి జరుగుతుంది. ఫ్లాంజి 100 మి.మీ. వ్యాసం, దాని అంచు చుట్టూ మిల్లీమీటరు గీతలున్న టేపు ముక్క అతికించాం. ఈ టేపు ముక్కే మొత్తం సెటప్‌లో నాకు బాగా నచ్చింది, ఖర్చు పది రూపాయలు కూడా లేదు. అంచు మీద 1 మి.మీ. తిప్పితే సెంటర్ దాదాపు 0.02 జరుగుతుంది. సుత్తితో అంత సన్నంగా ఎవరు తట్టగలరు చెప్పండి.

సెంటర్ జరిగితే బ్యాక్‌లాష్ ఎంత మారుతుందన్నది చాలామంది ఊహించేదానికన్నా తక్కువ. పన్ను కొసకి సన్నబడే చీల లాంటిది, రెండు వైపులా 20 డిగ్రీల వాలు ఉంటుంది. గేర్లని 0.1 మి.మీ. దూరం లాగితే ఒక్కో వైపు 0.036 తెరుచుకుంటుంది, రెండూ కలిపి 0.073. రాసుకోవాలంటే ఇలా:

```
j = 2 × Δa × tan α
Δa = 1.37 × j     (α = 20°)
```

j అంటే పిచ్ సర్కిల్ మీద కొలిచే బ్యాక్‌లాష్, Δa అంటే సెంటర్ జరగాల్సిన దూరం. పాత మిషన్లలో 14½ డిగ్రీల గేర్లు ఇప్పటికీ కనిపిస్తాయి, వాటికి వాలు తక్కువ కాబట్టి అదే బ్యాక్‌లాష్‌కి సెంటర్ ఇంకా ఎక్కువ జరపాలి, 1.37 బదులు 1.93 వేసుకోండి. ఇంత జరిపితే గేర్ల నిష్పత్తి పాడవదా అని మా కుర్రాడు అడిగాడు. పాడవదు. ఇన్వల్యూట్ పంటికి ఉన్న సుఖమే అది, సెంటర్ కాస్త దూరమైనా వేగం నిష్పత్తి అలాగే ఉంటుంది. ఒకేసారి పట్టులో ఉండే పళ్ళు కొంచెం తగ్గుతాయి అంతే, మా జతకి 1.67 ఉండేది 0.28 మి.మీ. తెరిస్తే 1.60కి వస్తుంది. దానికి కంగారు పడక్కర్లేదు.

మరి ఎంత వదలాలి? మామూలుగా మాడ్యూల్‌కి 0.03 నుంచి 0.05 రెట్లు అంటారు, అంటే మాకు 0.12 నుంచి 0.20. ఈ మాట తప్పు కాదు గానీ, ఆ అంకె గేరు చుట్టూ ఎక్కడ ఉండాలి, చల్లగా ఉన్నప్పుడా వేడిగా ఉన్నప్పుడా అన్నది చెప్పదు. మేము దెబ్బ తిన్నది సరిగ్గా అక్కడే.

మొదటిసారి పినియన్‌ని కదలకుండా పట్టి, పెద్ద గేరు పంటికి పిచ్ లైన్ దగ్గర డయల్ గేజ్ ఆనించి అటూ ఇటూ ఊపితే 0.12 వచ్చింది. బాగుంది అని బిగించేశాం. గంట తిరగ్గానే గేరు చుట్టుకి ఒకసారి ఊఁ అని మూలుగు, పినియన్ వైపు బేరింగ్ మీద చెయ్యి పెడితే నిలవనివ్వలేదు, గ్రీజు కారిపోతోంది. ఆపి చూస్తే పెద్ద గేరులో పది పన్నెండు పళ్ళకి మాత్రం రెండు వైపులా నిగనిగలాడుతున్న మెరుపు. ఒకవైపే తిరిగే గేరుకి ఒక ముఖమే మెరవాలి. రెండో ముఖం కూడా మెరిసిందంటే అక్కడ పన్ను ఇరుక్కుని తిరుగుతోందని అర్థం, ఈ గుర్తు ఒక్కటి తెలిస్తే చాలు.

గేరుని బయట ఒక వర్క్‌షాపులో కోయించాం, కన్నం కాస్త పక్కకి పడింది. డయల్ పెట్టి తిప్పితే గేరు 0.08 మి.మీ. ఊగుతోంది, పినియన్ 0.03. ఈ ఊగుడంతా సెంటర్ జరిగినట్టే లెక్క, రెండూ కలిస్తే 0.11, దాన్ని 0.73తో గుణిస్తే బ్యాక్‌లాష్‌లో 0.08 తేడా. మేము కొలిచిన చోటు మా ఖర్మకొద్దీ బాగా వదులుగా ఉన్న చోటు. అక్కడ 0.12 అంటే బిగుతు చోట 0.04 మాత్రమే. దానికి తోడు వేడి. గేర్లు ఫ్రేము కన్నా 30 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే 160 మి.మీ.కి సుమారు 0.055 పెరుగుతాయి, బ్యాక్‌లాష్‌లో ఇంకో 0.04 పోతుంది. చల్లగా ఉన్నప్పుడున్న 0.04 కాస్తా వేడికి సున్నా అయింది. ఇక నూనె పొరకి కూడా చోటు లేదు, దానికితోడు మా మిల్లులో నార నూగు. గ్రీజుతో కలిసి అది పంటి మీద చాపలా పేరుకుంటుంది.

అప్పుడు మా పెద్ద మేస్త్రీ వచ్చి, "ఏటి బావూ, కాయితం పెట్టి సెట్ చేసిన గేర్లు ఇన్నాళ్ళు తిరగలేదేటి?" అని నవ్వాడు. తిరిగాయి, నిజమే. ఎందుకో తర్వాత లెక్క వేస్తే తెలిసింది. మామూలు జిరాక్స్ కాగితం మందం దాదాపు 0.1 మి.మీ., గేర్ల మధ్య నలిగేటప్పుడు పంటికి రెండు పక్కలా పడుతుంది, అంటే 0.2 చిల్లర. మాడ్యూల్ 4కి అది పైగీతకి అటూ ఇటూ. కాబట్టి మేస్త్రీ కాగితం ఆ ఫ్రేముల మీద సరిపోయింది. అదే కాగితం మాడ్యూల్ 2 గేరుకి పెడితే కావాల్సినదానికి రెట్టింపు వదులు, మాడ్యూల్ 8కి పెడితే చాలదు. కాగితానికి మాడ్యూల్ తెలీదు కదా. ఈ మాట ఆయనకి చెబితే ఒప్పుకోలేదు గానీ ఆ తర్వాత డయల్ గేజ్ అడిగి తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు మేము చేసే పద్ధతి వేరు. 160 అన్న అంకెని అసలు పట్టించుకోం, ఫ్రేము కన్నాలు ఎక్కడ పడ్డాయో ఎవరికి తెలుసు. గేర్లని చేత్తో తిప్పుతూ బిగుతు చోటు వెతుకుతాం, పెద్ద గేరుని ఒక పూర్తి చుట్టు తిప్పి కనీసం ఎనిమిది చోట్ల కొలుస్తాం. ఆ బిగుతు చోట ఉంచి, రెండు బుష్‌లనీ కొద్దికొద్దిగా దగ్గరికి తిప్పుతూ బ్యాక్‌లాష్ సున్నా అయ్యేదాకా తెస్తాం, బలవంతం చేయకుండా. అక్కడ ఫ్లాంజి మీద గీత. ఆ గీత దగ్గర మా బుష్‌లలో షాఫ్ట్ సెంటర్ బుష్ సెంటర్‌కి పక్కన, గేర్ల సెంటర్ లైన్‌కి అడ్డంగా ఉంది, కాబట్టి అక్కణ్ణుంచి తిప్పిన కోణానికి సైన్ లెక్క సరిగ్గా వర్తిస్తుంది. 14 మి.మీ. వెనక్కి తిప్పితే 16 డిగ్రీలు, సెంటర్ 0.275, బ్యాక్‌లాష్ 0.20. అది బిగుతు చోట, వదులు చోట 0.28 అవుతుంది. అలా ఒక వారం నడిపాం. వేడి ఇబ్బంది పోయింది గానీ ఫ్రేము ఆపి మళ్ళీ స్టార్ట్ చేసిన ప్రతిసారీ టక్ మని కొట్టుకునేది, మా డ్రాయింగ్ ఫ్రేమ్ షిఫ్టులో చాలాసార్లు ఆగుతుంది. తర్వాత 11 మి.మీ.కి తగ్గించాం. సెంటర్ 0.22, బిగుతు చోట 0.16, వేడెక్కాక సుమారు 0.12 మిగులుతుంది. నాలుగేళ్ళుగా అదే నడుస్తోంది.

కొలిచేటప్పుడు ఒక మాట. డయల్‌ని పిచ్ సర్కిల్ దగ్గరే, తిరిగే దిశలోనే ఆనించండి. మా కుర్రాడు హబ్ బోల్టు మీద ఆనించి 0.08 అని పరుగెత్తుకుంటూ వచ్చాడు, ఆ బోల్టు సెంటర్ నుంచి 60 మి.మీ. దూరంలో ఉంది, పిచ్ వ్యాసార్ధం 120. అంటే అసలు 0.16, అంతా సవ్యంగానే ఉంది. డయల్ దూరని చోట సోల్డర్ వైరు ముక్క గేర్ల మధ్యలోంచి తిప్పి, రెండు వైపులా నలిగిన మందాలు మైక్రోమీటర్‌తో కొలిచి కలపండి. వచ్చేది పంటి ముఖానికి నిటారుగా ఉండే ఖాళీ, దాన్ని 0.94తో భాగిస్తే పిచ్ సర్కిల్ లెక్కకి వస్తుంది. పంటి కింద కనిపించే ఖాళీని చూసి మాత్రం ఏదీ తేల్చకండి. అక్కడ మామూలుగానే 1 మి.మీ. ఉంటుంది, పక్కలు బిగుసుకుపోయినా అది నిక్షేపంగా కనిపిస్తుంది.

ఇక బుష్‌లో నచ్చనివి. రెండు కొసల బుష్‌లూ ఒకే కొలత తిప్పాలి, ఒకటి 11 ఒకటి 8 అయితే షాఫ్ట్ వంకరగా నిలుస్తుంది, పంటి మీద మెరుపు ఒక అంచుకే వస్తుంది. ఇది ఒకసారి చేశాం, చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. రెండోది, గేర్లు తిరిగేటప్పుడు ఒకదాన్నొకటి బయటికి నెట్టుకుంటాయి, పంటి మీద పడే బలంలో మూడో వంతుకి పైనే ఆ నెట్టుడు ఉంటుంది. ఫ్లాంజి బోల్టులు మూడే, రెండేళ్ళకి ఒక బుష్ 5 మి.మీ. జారింది. టక్ శబ్దం మళ్ళీ మొదలైతే టేపు చూసి పట్టుకున్నాం. ఇప్పుడు సెట్ అయ్యాక టేపర్ పిన్ కొట్టేస్తున్నాం, ఆ పిన్ కన్నం వల్ల మళ్ళీ సెట్టింగ్ మార్చడం కష్టం అన్నది వేరే తలనొప్పి.

మూడోది బుష్ తప్పు కాదు, మా ఆశ తప్పు. పళ్ళు అరిగి బిగుతు చోటే 0.36కి వచ్చాక, సెంటర్ దగ్గరికి జరిపితే పాత 0.16 వచ్చేస్తుందని తిప్పాం. అంకె వచ్చింది, గేరు ఏడవడం మొదలుపెట్టింది. పన్ను అంతా సమంగా అరగదు, పిచ్ లైన్ దగ్గర తక్కువ, పైనా కిందా ఎక్కువ. సెంటర్ మారితే ఆ అరిగిన ఆకారాలు కొత్త చోట కలుస్తాయి. అదే రోజు వెనక్కి తిప్పేశాం.

కొత్త గేరు ఆర్డర్ ఇచ్చాం. ఈసారి వదులు మొత్తం సెంటర్ మీద పెట్టకుండా, పెద్ద గేరు పళ్ళనే 0.08 సన్నగా కోయమని చెప్పా, అంటే కటర్ 0.11 లోతుగా దిగాలి. పినియన్ పళ్ళు ముట్టుకోవద్దన్నా, వాటి మొదలు ముందే బలహీనం. అలా అయితే పాత గీత నుంచి బుష్ 5, 6 మి.మీ. తిప్పితే సరిపోతుంది. కన్నం మాత్రం ఈసారి నేనే దగ్గరుండి డయల్ పెట్టి చూసుకుని తెచ్చుకుంటా.