షోకాజ్ నోటీసుకు జవాబు: ఖండించడమా, క్షమాపణా, అంశాలవారీ సంజాయిషీయా? ఏది మేలు?

నోటీసు చేతికందగానే అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే. “ఉన్నదున్నట్టు ఒప్పుకుంటే ఇరుక్కుంటానా? ఒప్పుకోకపోతే అబద్ధమాడినట్టవుతుందా?” నోటీసులో ఉన్న ఆరోపణలు సగం నిజం, సగం కాదు అన్నప్పుడు ఈ సందేహం మరీ ఎక్కువ. నిజానికి చాలా నోటీసులు ఇలాగే ఉంటాయి. అలాంటి చోట మూడు దారుల్లో ఏది పనిచేస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం.

గోదాము ఉద్యోగికి ఇలా నోటీసు వచ్చిందనుకోండి: “14వ తేదీన మీరు 9 గంటల షిఫ్టుకు 9:40కి వచ్చారు. ముందస్తు సమాచారం ఇవ్వలేదు. మీ నిర్లక్ష్యం వల్ల 10 గంటలకు వెళ్లాల్సిన సరుకు 12 గంటలకు వెళ్లింది. ఆలస్యంగా రావడం మీకు అలవాటుగా మారింది. మీపై చర్య ఎందుకు తీసుకోకూడదో మూడు రోజుల్లో తెలపండి.”

జరిగింది ఇదీ. ఇంట్లో పిల్లవాడికి జ్వరం ఎక్కువై ఉదయాన్నే ఆసుపత్రికి తీసుకెళ్లాడు, అక్కడి చీటీ మీద సమయం 8:50. 8:55కి తోటి ఉద్యోగికి మెసేజ్ పెట్టాడు, షిఫ్ట్ ఇన్‌ఛార్జికి పెట్టలేదు. 9:40కి వచ్చి గోదాము తెరిచాడు, సరుకు 10:30కి సిద్ధమైంది. లారీ మాత్రం 11:35కి వచ్చినట్టు గేటు రిజిస్టరులో ఉంది.

మొదటి దారి, మొత్తం ఖండించడం. “నాపై మోపిన ఆరోపణలన్నీ నిరాధారం” అని రాస్తే, రాసేటప్పుడు ధైర్యంగానే ఉంటుంది. కానీ హాజరు మిషన్‌లో 9:40 పడే ఉంది. అది చూసిన అధికారి లారీ గురించి మీరు చెప్పే నిజాన్ని కూడా నమ్మడు. ఆరోపణ పూర్తిగా తప్పయితేనే, అంటే ఆ రోజు మీరు అసలు డ్యూటీలోనే లేకపోతేనో, పేరు పొరబడి ఇచ్చారనో తేలితేనే ఈ దారి సరైనది.

రెండోది, బేషరతు క్షమాపణ. “జరిగినదానికి క్షమించగలరు, ఇకముందు ఇలా జరగదు” అని రెండు వాక్యాలతో సరిపెట్టడం. పెద్దలు చాలామంది ఇచ్చే సలహా ఇదే, చిన్న విషయాల్లో పనిచేస్తుంది కూడా. చిక్కంతా ‘జరిగినది’ అన్న మాటలో ఉంది. ఆ నోటీసులో ఆలస్యం ఒక్కటే లేదు. నిర్లక్ష్యం, అలవాటు, రెండు గంటల నష్టం కూడా ఉన్నాయి. విడదీయకుండా క్షమాపణ కోరితే అన్నీ ఒప్పుకున్నట్టే ఫైలులో పడుతుంది. ఆరు నెలల తర్వాత ఇంకో మెమో వస్తే, “గతంలో అలవాటైన ఆలస్యాన్ని అంగీకరించారు” అని ఈ కాగితాన్నే ఎదుట పెడతారు.

మూడోది అంశాలవారీ సంజాయిషీ. నా ఓటు దీనికే. ఇందులో గెలుపోటములు తేల్చేది మర్యాదా కాదు, పొడవూ కాదు. నోటీసులోని ప్రతి వాక్యంలో చేసిన పని ఏది, దానికి అంటించిన విశేషణం ఏది, దాని ఫలితమని చెప్పింది ఏది అని విడదీయడమే. పనిని ఒప్పుకోవచ్చు. విశేషణాన్నీ ఫలితాన్నీ మాత్రం విడిగా, రికార్డు చూపి తేల్చాలి.

మన ఉదాహరణలో జవాబు ఇలా ఉంటుంది:

“1. 14వ తేదీన నేను 9:40కి, అంటే 40 నిమిషాలు ఆలస్యంగా వచ్చాను. ఇది వాస్తవం. ఆ ఉదయం పిల్లవాడిని ఆసుపత్రికి తీసుకెళ్లాను. చీటీ నకలు జతపరిచాను (జత 1).

2. షిఫ్ట్ ఇన్‌ఛార్జి గారికి నేను తెలియజేయలేదు. 8:55కి తోటి ఉద్యోగికి మాత్రమే మెసేజ్ పంపాను. నేరుగా వారికే చెప్పి ఉండాల్సింది, చెప్పకపోవడం నా తప్పు.

3. సరుకు 10:30కి సిద్ధమైంది. గేటు రిజిస్టరు ప్రకారం లారీ 11:35కి వచ్చింది. ఆ పేజీని పరిశీలించవలసిందిగా కోరుతున్నాను.

4. గత ఆరు నెలల హాజరులో ఇది కాక రెండు రోజులు ఆలస్యంగా వచ్చాను. ‘అలవాటు’ అన్న అంశంపై నిర్ణయానికి ముందు ఆ రికార్డును చూడగలరు.”

మూడో అంశంలో ఏం రాయలేదో గమనించండి. “కాబట్టి నా ఆలస్యం వల్ల ఏ నష్టమూ జరగలేదు” అన్న వాక్యం లేదు. లారీ 10కే వచ్చి ఉంటే అరగంట నిలబడాల్సి వచ్చేదే కదా. ఆ సంగతి అధికారికీ తట్టుతుంది. రెండు సమయాలు పక్కపక్కన పెట్టి ఊరుకుంటే లెక్క ఆయనే వేసుకుంటాడు. మీరు తీర్పు కూడా చెప్పేస్తే వాదనకు దిగినట్టవుతుంది.

తెలుగులో తప్పించుకునే ధోరణి ఎక్కువగా క్రియాపదంలో దొరికిపోతుంది. “ఆలస్యం జరిగింది” అంటే ఎవరికో జరిగినట్టుంటుంది. “ఆలస్యంగా వచ్చాను” అంటే మాట పూర్తవుతుంది. ఒప్పుకున్న వాక్యానికి ‘కానీ’, ‘అయితే’ తగిలించినా అంతే, చదివేవాళ్లకు ఆ తర్వాతి సగమే వినపడుతుంది. ఒప్పుకోలు ఒక వాక్యం, చుక్క. కారణం ఇంకో వాక్యం. “అందరూ ఆలస్యంగానే వస్తారు, నన్నొక్కణ్నే అడుగుతున్నారు” అన్నది నిజమే అయినా ఇక్కడ రాయకండి. ఆ ఫిర్యాదు వేరే కాగితం మీద ఇవ్వాల్సింది. ఇన్నేళ్ల సేవ, జీతం మీద ఆధారపడ్డ కుటుంబం వంటివి కూడా శిక్ష ఖాయమయ్యే దశలో పనికొస్తాయి, మొదటి జవాబులో బరువే.

సందర్భం చెప్పేటప్పుడు ఇంకో చిన్న పరీక్ష ఉంది. మీరు చూపే ఆధారం నోటీసు రాకముందే పుట్టిందా, వచ్చాక పుట్టిందా? 8:50 చీటీ, 8:55 మెసేజ్ ఆ రోజువే. నోటీసు అందాక తెచ్చుకున్న ధ్రువపత్రానికి అంత విలువ ఉండదు, ఒక్కోసారి అనుమానం కూడా పెంచుతుంది.

ఈ దారికీ హద్దుంది. డబ్బు మాయం, దొంగతనం, సంతకం ఫోర్జరీ, వేధింపు లాంటి ఆరోపణలైతే ఒక్క అంశాన్నీ లాయరుకు చూపకుండా ఒప్పుకోకండి. ఒప్పుకున్న అంశాన్ని మళ్లీ రుజువు చేయాల్సిన పని చాలాచోట్ల యాజమాన్యానికి ఉండదు, వ్యవహారం పోలీసుల దాకా వెళ్తే అదే కాగితం మీకు ఎదురు తిరుగుతుంది.

ఇక మిగతా దారులు. జవాబివ్వకుండా ఊరుకోవడం అసలు దారే కాదు, గడువు దాటగానే ‘చెప్పుకోవడానికేమీ లేదు’ అని రాసుకుని ముందుకెళ్తారు. గడువు పొడిగించమని కోరడం, రికార్డుల నకళ్లు అడగడం మంచివే, అయితే గడువు లోపలే, రాతపూర్వకంగా, ఏ కాగితం ఎందుకు కావాలో చెప్పి అడగాలి.

జవాబు ఒక పేజీ దాటితే ఎక్కడో కథ మొదలైందని అర్థం. పైన సూచికలో నోటీసు నంబరు, తేదీ వేయండి. అంశాల నంబర్లు నోటీసులో ఉన్న వరుసలోనే ఉంచండి. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు సంతకం, తేదీ, సమయం వేయించుకుని మీ దగ్గర పెట్టుకోండి. మెయిల్‌లో పంపితే నోటీసు వచ్చిన మెయిల్‌కే రిప్లై ఇవ్వండి, జతలన్నీ అందులోనే పెట్టండి.