టీ సెక్షన్ లెక్క: అడుగు నుంచి చేయాల్నా, సెంట్రాయిడ్ నుంచా?

నల్లగొండలో డిప్లొమా పిల్లలకు మెకానిక్స్ చెప్తుంటాను. పరీక్షలు దగ్గరపడితే దేవరకొండ పిల్లగాడైనా, మిర్యాలగూడ అమ్మాయైనా మూమెంట్ ఆఫ్ ఇనర్షియా, అంటే I గురించి అడిగేది ఒకటే: "సార్, I విలువ సెంట్రాయిడ్ నుంచి చేయాల్నా, అడుగు నుంచి చేసి తీసేయాల్నా?"

ఒక సెక్షన్ తీసుకుందాం. పైన ఫ్లాంజ్ 120 × 20, కింద వెబ్ 20 × 120, అన్నీ మి.మీ.లలో. రెండింటి వైశాల్యం చెరో 2400. అడుగు నుంచి వెబ్ మధ్య 60, ఫ్లాంజ్ మధ్య 130; కాబట్టి సెంట్రాయిడ్ ఎత్తు ȳ = 95.

మొదటి పద్ధతిలో ఒక్కో ముక్క సొంత bh³/12కి Ad² కలుపుతాం. ఫ్లాంజ్‌ది 80,000, వెబ్‌ది 28,80,000. సెంట్రాయిడ్ నుంచి ముక్క మధ్యకు ఉన్న దూరం d రెండింటికీ 35 కనుక Ad² చెరో 29,40,000. మొత్తం 88,40,000 mm⁴.

రెండో పద్ధతిలో అంతా అడుగు గీత మీదనే. వెబ్‌కు bh³/3 పెడితే 1,15,20,000, ఫ్లాంజ్‌కు 4,06,40,000. కూడితే 5,21,60,000. అందులోంచి Aȳ², అంటే 4,33,20,000 తీసేస్తే మళ్లీ 88,40,000. ఒక్క పట్టికలో పని అయిపోతుంది, అందుకే పిల్లలకు ఇది ముద్దు.

మరి ȳ కాస్త తప్పితే? ఎవరో 95కు బదులు 96 వేశారనుకోండి. మొదటి పద్ధతిలో జవాబు 88,44,800 వస్తుంది. తేడా 4,800 మాత్రమే. రెండో దాంట్లో 79,23,200కు పడిపోతుంది. అదే ఒక్క మిల్లీమీటరుకు పది శాతం పైన పోయింది! రెండు పెద్ద సంఖ్యల మధ్య చిన్న తేడాను వెతుకుతున్నాం కదా, చిన్న పొరపాటు కూడా అక్కడ పెద్దదైపోతుంది. అందుకే నా ఓటు మొదటిదానికే. పైగా దాంట్లో సరిచూసుకునే వీలుంది: సెంట్రాయిడ్ గీతకు పైన A·d, కింద A·d సమానం కావాలి. ఇక్కడ రెండు వైపులా 84,000. 96 వేసినవాడికి పైన 81,600, కింద 86,400 వచ్చి తప్పు అక్కడే దొరుకుతుంది.

అయితే మొదటి పద్ధతి ఎంచుకున్నవాళ్లు కూడా dకి బదులు అడుగు నుంచి కొలిచిన 60, 130 పెట్టేస్తుంటారు. అప్పుడు వచ్చేది అడుగు మీది విలువే, 5,21,60,000.

పెద్ద దీర్ఘచతురస్రం లోంచి రెండు పక్క ముక్కలు తీసేసే మూడో దారీ ఉంది. జవాబు అదే, కానీ టీకి అంత చుట్టు తిరగడం ఎందుకు?

మొదటి రెండు దారుల్లో ఎటు పోయినా పట్టుబడని తప్పు ఒకటుంది: ఫ్లాంజ్‌లో b, h తారుమారు చేయడం. ఘనం చేయాల్సింది అక్షానికి నిలువుగా ఉన్న కొలతను, అంటే 20ని. 120ని ఘనం చేస్తే ఫ్లాంజ్ సొంత విలువ 28,80,000 అయి, మొత్తం 1,16,40,000 వస్తుంది. A·d లెక్క మాత్రం చక్కగా సరిపోతూనే ఉంటుంది. నేను పేపర్లు దిద్దేటప్పుడు ముందు చూసేది ఫ్లాంజ్ సొంత విలువనే. అడ్డంగా పడుకున్న పలకకు అది నిలబడ్డ వెబ్‌తో సమానంగా వచ్చిందంటే మిగతా లెక్క చూడక్కర్లేదు.